రెండూ నిజమే, కానీ ఒకటి రెండోదానికి కారణమేనా? ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఒక బహిరంగ లేఖ

పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసే నిపుణులకు, కీ మీద వచ్చే అభ్యంతరాలు పరిశీలించే కమిటీ సభ్యులకు,

నమస్కారం. నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు రీజనింగ్ చెబుతుంటాను. ఈ లేఖ పేపర్ మొత్తం గురించి కాదు, సిలబస్ గురించీ కాదు. వ్యాఖ్య–కారణం రకం ప్రశ్నల గురించి, వాటిలోనూ మొదటి రెండు ఆప్షన్ల మధ్య జరిగే గొడవ గురించి మాత్రమే.

ఆ ప్రశ్న ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే తల్లిదండ్రుల కోసం ఒక మాట. పైన ఒక వ్యాఖ్య ఉంటుంది, కింద ఒక కారణం ఉంటుంది. రెండూ నిజమై, కారణం వ్యాఖ్యకు సరైన వివరణ అయితే 1. రెండూ నిజమే గానీ కారణం సరైన వివరణ కాకపోతే 2. వ్యాఖ్య నిజం, కారణం తప్పు అయితే 3. వ్యాఖ్య తప్పు, కారణం నిజం అయితే 4. యూపీఎస్సీ కూడా 2023 ప్రిలిమ్స్‌లో ఇదే ప్రశ్నను స్టేట్‌మెంట్–1, స్టేట్‌మెంట్–2 అని పేరు మార్చి గట్టిగానే వాడింది. అప్పటినుంచి రాష్ట్ర స్థాయి పరీక్షలకు చదివేవాళ్ళు కూడా దీని మీద ఎక్కువ సమయం పెడుతున్నారు.

3, 4 ఆప్షన్ల మీద గొడవ వస్తే తేలిపోతుంది. వాక్యం తప్పా ఒప్పా అన్నది పుస్తకం తీస్తే దొరుకుతుంది. అభ్యర్థి తెలుగు అకాడమీ పుస్తకంలో పేజీ స్కాన్ చేసి, గీత గీసి, అభ్యంతరంతో పాటు అప్‌లోడ్ చేస్తాడు. మీరు చూస్తారు, కీ మారుస్తారు, లేదా మార్చరు. కానీ 1, 2 మధ్య గొడవకు ఏ పేజీ స్కాన్ చేయాలి? పుస్తకంలో వ్యాఖ్య ఒక పేజీలో ఉంటుంది, కారణం ఇంకో పేజీలో ఉంటుంది. ఒకటి రెండోదానికి వివరణ అవునో కాదో చెప్పే వాక్యం చాలాసార్లు ఏ పేజీలోనూ ఉండదు. అది ఆలోచించి తేల్చాల్సిన విషయం. అభ్యంతరాల ఫారంలో మాత్రం 'ఆధారం జతచేయండి' అనే ఉంటుంది. ఆలోచనకు ఆధారం ఏమని జతచేస్తారు? కొంతమంది పిల్లలు చేత్తో రెండు పేజీల వాదన రాసి ఫోటో తీసి పెడతారు. ఫైనల్ కీలో వచ్చేది ఒక అంకె. ఎందుకో ఉండదు.

ఈ రెండు ఆప్షన్ల మధ్య తేడా తేల్చడానికి మా క్లాసుల్లో చాలాకాలంగా నడుస్తున్న కిటుకు ఒకటుంది: రెండు వాక్యాల మధ్య 'ఎందుకంటే' పెట్టి చదవడం. చదివితే అతికినట్టుంటే 1, అతక్కపోతే 2. చాలా ప్రశ్నలకు ఇది సరిపోతుంది, నేనూ చెబుతాను. కానీ రెండు వాక్యాలూ ఒకే అంశం మీదవైతే 'ఎందుకంటే' దేన్నైనా అతికిస్తుంది. 'గోదావరి, కృష్ణ బంగాళాఖాతంలో కలుస్తాయి, ఎందుకంటే అవి పశ్చిమ కనుమల్లో పుడతాయి' అని చదవండి. చెవికి ఏమీ ఇబ్బందిగా లేదు. రెండు వాక్యాలూ నిజం. కానీ శరావతి కూడా పశ్చిమ కనుమల్లోనే పుడుతుంది, పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది. కేరళలో పెరియార్ అంతే. అంటే కనుమల్లో పుట్టడం వల్ల తూర్పుకు పారడం జరగడం లేదు. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం అసలు కారణం. కారణం నిజమై ఉండి కూడా వ్యాఖ్య తప్పిపోయిన ఉదాహరణ ఒక్కటి దొరికితే చాలు, 1 ఆప్షన్ మీద అనుమానం మొదలవ్వాలి. మా పిల్లలకు నేను చెప్పే మొదటి పరీక్ష ఇదే, మీ దగ్గర కూడా మొదట జరగాల్సింది ఇదే.

రెండో పరీక్ష వాక్యాలను తిరగేసి చూడటం. ఇక్కడే పేపర్లు ఎక్కువగా దెబ్బతింటున్నాయి. భూగోళంలో పాత ప్రశ్న ఒకటి తీసుకుందాం. వ్యాఖ్య: భూమి బాహ్య కేంద్రం ద్రవ స్థితిలో ఉంది. కారణం: భూకంప ఎస్ తరంగాలు బాహ్య కేంద్రం గుండా ప్రయాణించవు. రెండూ నిజం. 'ఎందుకంటే' పెట్టి చదివితే హాయిగా ఉంటుంది. చాలామంది 1 పెడతారు. ఇప్పుడు తిరగేయండి. ఎస్ తరంగాలు బాహ్య కేంద్రం గుండా వెళ్ళవు, ఎందుకంటే అది ద్రవం, ద్రవాల్లో ఈ తరంగాలు సాగవు. ఇది కూడా అతికింది. అయితే ఏది దేనికి కారణం? ద్రవంగా ఉండటం వల్ల తరంగాలు ఆగుతున్నాయి. తరంగాలు ఆగడం వల్ల ఇనుము, నికెల్ కరగలేదు కదా. అక్కడి ఉష్ణోగ్రత, పీడనం, పదార్థం స్వభావం వల్ల అది ద్రవంగా ఉంది. తరంగాలు మనకు ఆ సంగతి తెలిసిన దారి మాత్రమే. మనకెలా తెలిసింది అన్నది ఒక ప్రశ్న, అలా ఎందుకు ఉంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటి వరసలో కారణం అని ఇచ్చినది నిజానికి రుజువు. కాబట్టి నా లెక్కలో మొదటి వరసకు జవాబు 2, తిరగేసిన వరసకు 1.

మీలో ఎవరైనా దీనికి ఒప్పుకోకపోవచ్చు. రుజువు కూడా ఒక రకంగా వివరణే, 'బాహ్య కేంద్రం ద్రవమని ఎందుకు అంటున్నాం' అన్నదానికి జవాబే కదా అనవచ్చు. అలా అనుకుంటే అనుకోండి. కానీ అప్పుడు పేపర్ అంతటా ఆ పద్ధతే ఉండాలి. ఒక ప్రశ్నలో రుజువును వివరణగా లెక్కించి, పది ప్రశ్నల తర్వాత 'ఇది రుజువు మాత్రమే, వివరణ కాదు' అని 2 కీ ఇస్తే, రెండు ప్రశ్నలకూ ఒకే తర్కంతో జవాబు రాసిన అభ్యర్థికి ఒక మార్కు పోవడం ఖాయం.

ఈ తిరగేసే సంగతి రాజ్యాంగం ప్రశ్నల్లో ఇంకా ఇబ్బంది పెడుతుంది. మార్కెట్లో దొరికే మెటీరియల్‌లో రెండు రకాల కీలతోనూ కనిపించే ప్రశ్న ఇది. వ్యాఖ్య: రాజ్యసభ శాశ్వత సభ, దాన్ని రద్దు చేయలేరు. కారణం: ప్రతి రెండేళ్ళకోసారి రాజ్యసభ సభ్యుల్లో మూడో వంతు మంది పదవీ విరమణ చేస్తారు.

దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. రెండు వాక్యాలూ రాజ్యాంగం 83వ అధికరణం మొదటి క్లాజులోనే ఉన్నాయి, ఒకే వాక్యంలో. రాజ్యసభ రద్దుకు లోబడదు, అయితే వీలైనంత దగ్గరగా మూడో వంతు మంది ప్రతి రెండో ఏడాది ముగియగానే విరమిస్తారు అని దాని సారం. ఒక నిబంధనలోని రెండు భాగాలను విడదీసి ఒకటి వ్యాఖ్యగా, ఒకటి కారణంగా పెట్టారన్నమాట. ఒకే వాక్యంలో ఉన్నంత మాత్రాన రెండో భాగం మొదటి భాగానికి కారణం కాదు. ఇంకా చెప్పాలంటే వరస అటువైపు ఉంది. సభకు రద్దు లేదు. రద్దు లేని సభలో సభ్యులు మారేదెప్పుడు? అందుకని మూడో వంతు చొప్పున మార్చే ఏర్పాటు. 1952లో సభ మొదలైనప్పుడు సభ్యులందరూ ఒకేసారి వచ్చారు కాబట్టి, ఎవరు రెండేళ్ళకు దిగిపోవాలి, ఎవరు నాలుగేళ్ళకు, ఎవరు ఆరేళ్ళు ఉండాలి అన్నది లాటరీ తీసి తేల్చారు. సభకు రద్దు లేదన్నది అప్పటికే తేలిపోయిన విషయం. విరమణ ఏర్పాటు దాని మీద కట్టింది.

ఇక మొదటి పరీక్ష. సభ్యులు వంతులవారీగా విరమిస్తూ ఉన్నా రద్దు చేయదగిన సభ ఎక్కడైనా ఉందా? ఉంది. ఆస్ట్రేలియా సెనేట్‌లో రాష్ట్రాల సభ్యుల పదవీకాలం ఆరేళ్ళు, సగం మంది మూడేళ్ళకోసారి మారతారు. అయినా రెండు సభల మధ్య ప్రతిష్టంభన వస్తే అక్కడి రాజ్యాంగం 57వ సెక్షన్ కింద రెండు సభలనూ కలిపి రద్దు చేయవచ్చు. 2016లో చేశారు కూడా. కాబట్టి వంతులవారీ విరమణ ఉన్నంత మాత్రాన రద్దు చేయలేని సభ అయిపోదు. నా లెక్కలో ఈ ప్రశ్నకు జవాబు 2.

అయితే 1 కీ ఇచ్చినవారిని పూర్తిగా తప్పుపట్టలేను, ఎందుకంటే వాళ్ళు వ్యాఖ్యను ఇంకోలా చదివారు. 'శాశ్వత సభ' అంటే ఎప్పుడూ సభ్యులతో నిండి ఉండే సభ అనుకుంటే, మూడో వంతు మందే దిగిపోతారు కాబట్టి మిగతా రెండొంతులూ ఎప్పుడూ ఉంటారు, సభ ఖాళీ కాదు. ఆ అర్థానికి విరమణ ఏర్పాటు నిజంగానే వివరణ. అంటే తగవు పిల్లల తర్కంలో లేదు, వ్యాఖ్యలో ఉంది. 'శాశ్వత సభ' అన్న ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి: రద్దు చేసే అధికారం ఎవరికీ లేకపోవడం ఒకటి, సభ ఒకేసారి ఖాళీ కాకపోవడం ఇంకోటి. 'రాజ్యసభ సభ్యులందరి పదవీకాలం ఒకేసారి ముగియదు' అని వ్యాఖ్య రాసి, కింద మూడో వంతు విరమణ కారణంగా ఇచ్చి ఉంటే 1 అని ఎవరైనా ఒప్పుకుంటారు. వ్యాఖ్యను 'లోక్‌సభలా రాజ్యసభను రాష్ట్రపతి రద్దు చేయలేరు' అని మార్చి అదే కారణం ఇస్తే 2 అని ఒప్పుకుంటారు. ప్రశ్న రాసేవారు ఆ రెండు నిమిషాలూ వెచ్చించకపోవడం వల్ల కొన్ని వేల మంది హాల్లో కూర్చుని అది తేల్చుకోవాల్సి వస్తోంది. (ఈ ప్రశ్న చెప్పినప్పుడల్లా 'మరి 1985లో మన శాసనమండలిని తీసేశారు కదా సార్, దానికీ మూడో వంతు విరమణే కదా' అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. అది సభను రద్దు చేసి మళ్ళీ ఎన్నికలు పెట్టడం కాదు, 169వ అధికరణం కింద పార్లమెంటు చట్టంతో సభనే లేకుండా చేయడం. 2007లో తిరిగి వచ్చింది కూడా ఆ దారిలోనే.)

మూడో ఇబ్బంది వ్యాఖ్యలో దాగి ఉండే పోలిక. దీన్ని కనిపెట్టడం కష్టం, అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. వ్యాఖ్య: తమిళనాడు తీరానికి ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది. కారణం: నైరుతి రుతుపవనాల కాలంలో తమిళనాడు పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉంటుంది. మన నెల్లూరు వైపు వాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళకూ వాన ఆ నెలల్లోనే ఎక్కువ.

రెండూ నిజమే. ఇక ఏ ఆప్షన్? 2 అనేవాళ్ళ వాదన: అక్టోబరు–డిసెంబరులో వాన పడటానికి కారణం ఈశాన్య రుతుపవనాలు. గాలులు ఈశాన్యం నుంచి బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమ పట్టుకుని తీరం మీద కురుస్తాయి, ఆ కాలంలో పుట్టే వాయుగుండాలు, తుపాన్లు దానికి తోడవుతాయి. వర్షచ్ఛాయ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే సంగతి. జూన్‌లో వాన ఎందుకు పడలేదో చెబితే నవంబరులో ఎందుకు పడిందో చెప్పినట్టు కాదు. 1 అనేవాళ్ళ వాదన: వ్యాఖ్య 'నవంబరులో వాన పడుతుంది' అనలేదు, 'ఏడాది వానలో ఎక్కువ భాగం' అంది. ఎక్కువ భాగం అంటే మిగతా కాలంలో తక్కువ అని. కనుమలు అడ్డు లేకపోతే నైరుతి వాన బాగా పడేది, అప్పుడు ఎక్కువ భాగం అక్టోబరు–డిసెంబరుదే అనడానికి వీలుండేదో లేదో. కాబట్టి వర్షచ్ఛాయ వివరణలో భాగమే.

ఈ రెండు వాదనల్లో నాకు రెండూ బలంగానే కనిపిస్తాయి. వ్యాఖ్యలో రెండు కాలాల పోలిక ఉంది, ఇచ్చిన కారణం అందులో ఒక్క సగానికే జవాబు చెబుతోంది. ఆ సగం కూడా పూర్తిగా కాదు. నైరుతి కాలంలో తమిళనాడు తీరం పొడిగా ఉండటానికి వర్షచ్ఛాయతో పాటు ఇంకో కారణం కూడా చెబుతారు: రుతుపవనాల బంగాళాఖాతం శాఖ ఆ తీరానికి సమాంతరంగా సాగిపోతుంది, తీరాన్ని ఢీకొట్టదు. సగం వివరణ 'సరైన వివరణ' కిందికి వస్తుందా అన్నదానికి పేపర్ మొదటి పేజీలో ఉండే సూచనలు ఏమీ చెప్పవు. అభ్యర్థి మీ మనసులో ఏముందో ఊహించాలి.

ఇక్కడ తప్పు పోలికలో లేదు, పోలికను గమనించకపోవడంలో ఉంది. వ్యాఖ్యలో 'ఎక్కువ', 'తక్కువ', 'కంటే', 'మాత్రమే', 'అత్యధికం' లాంటి మాట కనిపిస్తే ఒకసారి ఆగి, దేనితో పోల్చాం, కారణం ఆ పోలికలో రెండు వైపులా పనిచేస్తోందా అని చూసుకుంటే చాలు. 'నైరుతి కాలంలో తమిళనాడు తీరానికి వాన తక్కువ' అని వ్యాఖ్య పెడితే వర్షచ్ఛాయ కారణానికి 1 అని ధైర్యంగా ఇవ్వవచ్చు. 'నవంబరులో చెన్నైకి బాగా వాన పడుతుంది' అని పెడితే అదే కారణానికి 2. నాలుగైదు మాటల తేడా.

నాలుగోది దూరపు కారణాలు. వ్యాఖ్య: చంద్రుడి మీద పగలు కూడా ఆకాశం నల్లగా కనిపిస్తుంది. కారణం: చంద్రుడి గురుత్వాకర్షణ భూమిలో దాదాపు ఆరో వంతే. మధ్యలో మెట్లున్నాయి. గురుత్వం తక్కువ కాబట్టి వాయువులు నిలవలేదు, వాయువులు లేవు కాబట్టి సూర్యకాంతి చెదరదు, కాంతి చెదరదు కాబట్టి ఆకాశం నల్లన. 'చంద్రుడి మీద చెప్పుకోదగ్గ వాతావరణం లేదు' అని కారణం ఇస్తే అందరూ 1 పెడతారు. గురుత్వం అని ఇస్తే, మెట్లు తెలిసినవాడు 1 పెడతాడు, మెట్లు తెలియనివాడు 'గురుత్వానికీ ఆకాశం రంగుకూ ఏం సంబంధం' అని 2 పెడతాడు. మీ కీ 2 అయితే ఏమవుతుందో చూడండి. ఎక్కువ తెలిసినవాడికి మార్కు పోయి, తక్కువ తెలిసినవాడికి మార్కు వస్తుంది.

ఇంకా ఎక్కువ తెలిసినవాడు మళ్ళీ 2కి వస్తాడు, అది ఇంకో తమాషా. శని ఉపగ్రహం టైటాన్ గురుత్వం చంద్రుడి గురుత్వం కంటే కొంచెం తక్కువే. అయినా దాని ఉపరితలం మీద వాతావరణ పీడనం భూమి మీద ఉన్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎందుకంటే అక్కడ గడ్డకట్టించే చలి, వాయువు అణువులు నెమ్మదిగా కదులుతాయి, తప్పించుకుపోలేవు. అంటే తక్కువ గురుత్వం ఒక్కటే వాతావరణం లేకపోవడానికి సరిపోదు. ఒకే ప్రశ్నకు మూడు స్థాయిల జ్ఞానంతో మూడుసార్లు జవాబు అటూ ఇటూ మారింది. ఇలాంటి ప్రశ్న రాసినప్పుడు మీరు ఏ మెట్టు దగ్గర ఆగారో అభ్యర్థికి ఎలా తెలియాలి? నేనడిగేది ఒకటే: కారణం వ్యాఖ్యకు పక్క మెట్టే అయి ఉండాలి. మధ్యలో రెండు మెట్లు దాటాల్సి వస్తే ఆ ప్రశ్న పక్కన పెట్టండి, లేదా మధ్య మెట్టునే కారణంగా ఇవ్వండి.

ఇదంతా ఒకట్రెండు మార్కుల గొడవ కదా అనిపించవచ్చు. లెక్క చూడండి. తప్పుకు మూడో వంతు మార్కు కోత ఉండే పరీక్షలో నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెడితే సగటున వచ్చేది సున్నా: నాలుగింట ఒకసారి ఒక మార్కు వస్తుంది, మూడుసార్లు మూడో వంతు చొప్పున పోతుంది. అదే, రెండు వాక్యాలూ నిజమని మాత్రమే తెలిసినవాడు 1, 2 మధ్య బొమ్మా బొరుసూ వేస్తే సగటున మూడో వంతు మార్కు వస్తుంది. రెండు వాక్యాలకూ సంబంధం గురించి కష్టపడి ఆలోచించినవాడికి పూర్తి మార్కు రావాలి, అందుకే కదా ఈ ప్రశ్న పెట్టింది. కీ బొమ్మా బొరుసులా ఉంటే ఆలోచించినవాడికీ ఆలోచించనివాడికీ అదే మూడో వంతు. చంద్రుడి ప్రశ్న లాంటిదైతే ఆలోచించినవాడు ఇంకా వెనక్కి వెళతాడు. కటాఫ్ దగ్గర దశాంశ బిందువు తర్వాత అంకెలతో ఉద్యోగాలు పోయే చోట ఇది చిన్న విషయం కాదు.

రీజనింగ్ పేపర్‌లో ఈ ప్రశ్నలు పెట్టేవారికి విడిగా ఒక మాట. జనరల్ స్టడీస్‌లో అయితే విషయం తెలుసా లేదా అని అడగడం న్యాయమే. రీజనింగ్‌లో మీరు పరీక్షించాల్సింది సంబంధం పట్టుకోవడం. అక్కడ రాజ్యసభ, రుతుపవనాలు పెడితే పాలిటీ, జాగ్రఫీ రాని పిల్లవాడు ఎంత బాగా ఆలోచించినా ఓడిపోతాడు. విషయం మీరే ఇచ్చేయండి. ఉదాహరణకు ఇలా:

కింది మూడూ నిజమనుకోండి. ఒక మార్కెట్‌కు ఈ సోమవారం టమాటా గత సోమవారం కంటే రెట్టింపు వచ్చింది. కొనేవాళ్ళు అంతే మంది ఉన్నారు. హమాలీల కూలి ఈ వారం నుంచి పెరిగింది. వ్యాఖ్య: ఈ సోమవారం టమాటా ధర గత సోమవారం కంటే పడిపోయింది. కారణం: హమాలీల కూలి పెరిగింది.

వ్యాఖ్య కూడా నిజమేనని ఇచ్చేస్తే, ఇక మిగిలింది ఒక్క పని. కూలి పెరిగితే ధర పెరగడమో, రైతుకు మిగిలేది తగ్గడమో జరగాలి గానీ కొనుగోలుదారుకు ధర పడటం జరగదు. జవాబు 2. కారణం స్థానంలో 'సరుకు రెట్టింపు వచ్చింది' అని పెడితే జవాబు 1, ఎందుకంటే కొనేవాళ్ళు పెరగలేదన్నది కూడా మనమే ఇచ్చాం. ఆ రెండో వాక్యం లేకపోతే సరుకు రెట్టింపైనా ధర పడకపోవచ్చు. కొనేవాళ్ళు కూడా రెట్టింపయ్యారేమో. సర్కారు స్కూల్లో చదివినా, కార్పొరేట్ కాలేజీలో చదివినా ఈ ప్రశ్న ముందు అందరూ సమానమే.

ఇక నేను అడిగేవి. పేపర్ సూచనల్లో 'సరైన వివరణ' అంటే మీరు ఏమనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాయండి: రుజువు వివరణ కిందికి వస్తుందా రాదా, సగం కారణం సరిపోతుందా సరిపోదా. మీరు ఏది ఎంచుకున్నా పర్వాలేదు, పేపర్ అంతటా ఒకేలా ఉంటే చాలు. ప్రశ్న రాసినవారు కాకుండా ఇంకొకరు కీ చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు రాయాలి. ఇద్దరి జవాబు 1, 2 మధ్య తేడాగా వస్తే ప్రశ్న తిరిగి రాయాలి గానీ పెద్దవారి జవాబు ఖాయం చేయకూడదు. నాకు తెలిసి ఇలాంటి ప్రశ్నల్లో చాలావరకు ఈ ఒక్క దశ దగ్గరే పట్టుబడతాయి, ఎందుకంటే రాసినవారికి తన మనసులోని మధ్య మెట్టు కనిపిస్తూనే ఉంటుంది, చదివేవారికి కనిపించదు.

చివరగా ఫైనల్ కీ గురించి. వ్యాఖ్య–కారణం ప్రశ్నకు 1 లేదా 2 ఇచ్చిన ప్రతిచోటా పక్కన ఒక్క వాక్యం చేర్చండి. '2: మూడో వంతు విరమణ సభ్యుల మార్పు కోసం, రద్దు లేకపోవడానికి కారణం కాదు' అన్నంత చిన్నదైనా చాలు. 150 ప్రశ్నల పేపర్‌లో ఇలాంటివి పది పన్నెండుకు మించవు, ఒక పేజీలో పడతాయి. ఆ వాక్యం కనిపిస్తే అభ్యంతరం పెట్టేవాడు కూడా ఫోటోలు తీసిన రెండు పేజీల వాదన మానేసి, నేరుగా ఆ వాక్యంలో తప్పెక్కడుందో చూపిస్తాడు. తప్పు లేకపోతే వచ్చే ఏడాది పుస్తకం ముందు కూర్చుంటాడు.

భవదీయుడు,
అశోక్‌నగర్‌లో రీజనింగ్ చెప్పే ఒక మాస్టారు